యాభై రెండు పేజీలకు ఒకే ప్రశ్న

ప్రశ్న: నేను నెల్లూరులో చరిత్ర అధ్యాపకుణ్ణి. గైడ్‌గా నాకు ఇదే మొదటి అనుభవం. నా విద్యార్థిని ఉదయగిరి ప్రాంతంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మీద పరిశోధన చేస్తున్నారు. మూడో అధ్యాయం 'దూబగుంట ఉద్యమం: ఒక పరిశీలన' రెండుసార్లు ఇచ్చారు. రెండుసార్లూ 'వాదం స్పష్టంగా లేదు' అని రాసి తిప్పి పంపాను. 38 పేజీలది 52 అయింది, వాదం మాత్రం రాలేదు. ఈసారి వివరంగా ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఆమె మనసు నొచ్చుకోకుండా, పని జరిగేలా ఎలా రాయాలి? ఆమె అనుమతితోనే ఆ అధ్యాయాన్నీ, నేను ఎర్ర సిరాతో దిద్దిన ప్రతినీ పంపుతున్నాను.

జవాబు: ఆ పద్నాలుగు పేజీలు పెరగడానికి కారణం మీరు రాసిన మూడు మాటలే. 'వాదం స్పష్టంగా లేదు' అన్నప్పుడు చదివే మనిషి కంటికి ఆనేది చివరి మాట ఒక్కటే. లేనిదాన్ని తెచ్చిపెట్టాలి కదా అని ఆమె మళ్లీ కలిగిరి బస్సెక్కారు, ఇంకొందరితో మాట్లాడారు, పాత పత్రికలు తిరగేశారు. తెచ్చినదంతా ఉన్నదానికి కలిపారు. చెప్పిన మాట వినే విద్యార్థి చేసే పనే అది.

నేనూ అదే చేశాను. నా పరిశోధన బకింగ్‌హాం కాలువ మీద పడవ రవాణా గురించి. మొదటి చిత్తుప్రతి చివరి పేజీ మీద మా గైడ్ పెన్సిలుతో ఒకే మాట రాసిచ్చారు: 'అయితే?' నాలుగు నెలలు పోయాక, 1877-78 కరువు పనుల్లో కాలువ తవ్వకం మీద మరో ముప్ఫై పేజీలు రాసుకుని వెళ్లాను. వాటి మీదా 'అయితే?' అనే రాశారు. ఆ ప్రశ్నకు నేను ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. కాకపోతే అది ఏ పేజీని అడుగుతోందో ఆ రోజు నాకు తెలియలేదు, ఆయన చెప్పలేదు.

కాబట్టి ఉత్తరానికి ముందు, ఏ పేజీని అడగాలో మీరు తేల్చుకోవాలి. దానికి ఓ రెండు గంటలు పడుతుంది. దిద్దని ప్రతి ఒకటి తీసుకుని, ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ఆ పేరా చెప్పేదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. మీరు పంపిన ప్రతి మీద నేను ఆ పని చేసి చూశాను. మొదటి తొమ్మిది పేజీల్లో నాకు దొరికినవి ఇవి: మద్రాసు రాష్ట్రంలో అబ్కారీ చట్టాల గురించి, వేలంపాటల గురించి, ప్రభుత్వ పథకం 'వారుణి వాహిని' కింద వచ్చిన ప్యాకెట్ సారా గురించి. తర్వాతి పన్నెండు పేజీల్లో 'అక్షర దీపం' అక్షరాస్యత కార్యక్రమం గురించి, రాత్రి బడుల గురించి, వాలంటీర్ల శిక్షణ గురించి. అన్నీ 'గురించి' దగ్గరే ఆగిపోయాయి. పేరాలో ఒక మాట అంటూ ఉంటే మార్జిన్‌లో క్రియ పడుతుంది. 'వేలంపాట సొమ్ము కోసం ప్రభుత్వమే సారాను ఊరి నడుమకు తెచ్చింది' అని రాయగలిగితే అక్కడ ఒక మాట ఉన్నట్టు. 'వేలంపాటల గురించి' అని మాత్రమే రాయగలిగితే అక్కడ ఉన్నది సరుకు, ఇంకా మాట కాలేదు. ఈ అధ్యాయంలో నా లెక్కకు క్రియ పడ్డ పేరాలు పదకొండు.

పేరాల మొదటి మాటలు కూడా చూడండి. 'అలాగే', 'అంతేకాక', 'ఆ తర్వాత', 'మరోవైపు'. ఇవి మూటలో మరో వస్తువు వేసేటప్పుడు వాడే మాటలు. 'కాబట్టి', 'అయినా', 'అలాగైతే మరి' అనేవి ఆమె యాభై రెండు పేజీల్లో ఎక్కడా పేరా మొదట్లో రాలేదు. అందుకే 10 నుంచి 21వ పేజీ దాకా ఏ రెండు పేరాల స్థానాలు మార్చినా చదివేవాడికి తేడా తెలియదు. నేను నిజంగానే కాగితాలు కత్తిరించి మార్చి చూశాను. రిటైరైన వాడికి ఇలాంటి పనులకు తీరిక ఉంటుంది.

(శీర్షిక సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. 'ఒక పరిశీలన', 'సమగ్ర అధ్యయనం' అనే తోకలు మన విశ్వవిద్యాలయాల్లో తరతరాలుగా వస్తున్నాయి. ఏమీ తేల్చనక్కర్లేదని ఆ తోక ముందే పరిశోధకుడికి హామీ ఇచ్చేస్తుంది. ఉత్తరంలో దాని జోలికి మాత్రం వెళ్లకండి. వాదం దొరికాక ఆ తోకను ఆమే తెంచేస్తారు.)

ఇక అసలు విషయం. ఆమె అధ్యాయంలో వాదం లేదని మీరన్నారు. ఉంది, కాకపోతే రెండు ముక్కలుగా, ఒకదానికొకటి తెలియకుండా ఉంది. 47వ పేజీలో, ఒక ఊళ్లో రాత్రి బడి మూతపడ్డాక కూడా అక్కడి ఆడవాళ్లు అదే వేళకు అదే అరుగు మీదికి వచ్చి కూర్చునేవారని రాశారు. దాని కింద ఒక్క ముక్క వ్యాఖ్యానం లేదు. 33వ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, వేరే ఊరి సంగతి ఉంది. అక్కడ రాత్రి బడి నెల కూడా నడవలేదట. అయినా సారా దుకాణానికి అడ్డం పడ్డారు. అడ్డం పడ్డవాళ్లంతా ఒకే నాట్ల ముఠా. అక్షరాస్యత వల్ల ఉద్యమం వచ్చిందని పైన పేజీల కొద్దీ చెబుతున్నప్పుడు ఈ ఊరు ఇబ్బంది పెట్టింది కాబట్టి ఆమె దాన్ని అడుగుకు తోసేశారు. కొత్త పరిశోధకులందరూ ఇబ్బంది పెట్టే ఆధారాన్ని దాచేది అక్కడే. గైడ్ మొదట చదవాల్సింది కూడా ఆ అడుగునే.

ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెడితే ఏం తేలుతుందో మీకూ నాకూ తెలుస్తూనే ఉంది. దాన్ని నేను ఇక్కడ రాయను, మీరు ఉత్తరంలో రాయవద్దు. రాసేస్తే రేపు ఆమె మీ వాక్యాన్ని అధ్యాయం మొదట్లో అతికించి, కింద యాభై రెండు పేజీలూ అలాగే ఉంచేస్తారు. వైవాలో బయటి పరీక్షకుడు 'ఇలా ఎందుకన్నారు' అని అడిగితే మీ ముఖం చూస్తారు. ఆ చూపు నేను పరీక్షకుడి కుర్చీలోంచి చాలాసార్లు చూశాను.

మీ ఉత్తరం నేనైతే ఇలా రాస్తాను. మాటలు మీ తీరుకు మార్చుకోండి.

'మేడం గారికి నమస్కారం. మూడో అధ్యాయం రెండో ప్రతి మొత్తం చదివాను. ఇంతకుముందు నేను రాసిన వ్యాఖ్యలో ఏం చేయాలో చెప్పలేదు. పేజీలు పెరగడానికి కారణం అదే, ఆ తప్పు నాది.

ఈ అధ్యాయానికి సమాచారం చాలు. ఇక ఏమీ సేకరించవద్దు. ఇప్పుడున్న రూపంలో ఇది ఏమేం జరిగిందో చెబుతోంది. అలా ఎందుకు జరిగిందని మీరు అనుకుంటున్నారో చెప్పడం లేదు. 10 నుంచి 21 వరకు పేజీల్లో ఏ రెండు పేరాలను తారుమారు చేసినా అర్థం మారడం లేదు. కారణం అదే.

రెండు చోట్ల మాత్రం నేను ఆగి మళ్లీ చదివాను. ఒకటి 47వ పేజీలో, బడి మూతపడ్డాక కూడా ఆడవాళ్లు అరుగు మీద కూడుతుండేవారని మీరు రాసిన వాక్యం. రెండోది 33వ పేజీ అడుగున, బడి నడవని ఊరి గురించి రాసిన నాలుగు వరుసలు. రెండూ మీరు స్వయంగా వెళ్లి విన్నవి. ఈ రెండు ఊళ్లలోనూ సారా దుకాణం మూయించారు. ఒక ఊళ్లో బడి ఉంది, ఇంకో ఊళ్లో లేనట్టే. మరి రెండింటిలోనూ ఉన్నదేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పేజీలో రాయండి. మొదటి వాక్యమే మీ జవాబు కావాలి. తర్వాత, మీ దగ్గర ఉన్నవాటిలో దాన్ని బలపరిచే మూడు ఆధారాలు. చివర, మీ జవాబు తప్పనే మనిషి ఏమంటాడో ఒక పేరా. ఈ పేజీ తయారయ్యే దాకా 52 పేజీలను ముట్టుకోవద్దు. అక్షరదోషాల గురించీ ఇప్పుడు ఆలోచించవద్దు.

వచ్చే రెండో శనివారం మీకు బడి సెలవు కాబట్టి ఆ రోజు పదింటికి నా గదిలో కూర్చుందాం. పేజీ రెండు రోజుల ముందు నాకు చేరితే చదివి ఉంటాను. మీ జవాబు నేను ఊహించినదానికి వేరుగా ఉండవచ్చు. ఆధారం చూపగలిగితే అదే నిలుస్తుంది.'

ఇంతే, ఒక కాగితానికి మించదు. ఆమె వయసు గురించి మీరు పడుతున్న మొహమాటానికి ఇందులో చోటు లేదని గమనించే ఉంటారు. 'గారు', 'మీరు', నమస్కారం ఉన్నాయి, ఆ గౌరవం చాలు. మొహమాటంతో మనం పొదిగే 'కొంచెం', 'బహుశా', 'వీలైతే' అనే మాటలే ఉత్తరాన్ని పాడు చేస్తాయి. 'వాదాన్ని వీలైతే కొంచెం స్పష్టం చేయగలరు' అని రాస్తే, వీలు కాకపోయినా ఫరవాలేదని ఆమె అనుకోవచ్చు. ముప్ఫై మంది పిల్లల నోటుబుక్కులు రోజూ దిద్దే మనిషికి తప్పు ఎక్కడో చెబితే నొప్పి పుట్టదు. ఎక్కడో చెప్పకుండా మార్కులు తగ్గిస్తేనే పుడుతుంది.

'సమాచారం చాలు' అన్న వాక్యం తీసేయకండి. ఆమెను మళ్లీ బస్సెక్కకుండా ఆపేది అదే. ఒక పేజీనే ఎందుకు అడగాలంటే, యాభై రెండు పేజీల్లో దాక్కోవడానికి చోటుంది, ఒక పేజీలో లేదు. మొత్తం అధ్యాయాన్ని తిరగరాసి తెమ్మంటే మూడు నెలల తర్వాత 64 పేజీలు వస్తాయి.

ఇక ఆ పేజీ వచ్చాక ఏమవుతుందో చెబుతాను. నా అనుభవంలో మొదటి పేజీ ఒక్కసారిలో కుదరదు.

చాలావరకు వచ్చేది ఇలా ఉంటుంది: 'ఉద్యమంలో అక్షరాస్యత కీలక పాత్ర పోషించింది.' ఇది వాదంలా కనిపిస్తుంది. కానీ దీన్ని తిరగేసి చూడండి. 'అక్షరాస్యత ఏ పాత్రా పోషించలేదు' అని వాదించే మనిషి ఎవరైనా ఉన్నారా? లేరు. ఎవరూ కాదనని మాటకు ఆధారాలు ఎందుకు? నా కాలువ చాప్టర్ చివరకు నిలబడింది ఒక్క వాక్యం మీద: కాలువను ఎండగట్టింది రైలు కాదు, లారీ. రైలే అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లున్నారు కాబట్టే రైలు వచ్చాక కూడా ఉప్పు, కట్టెలు పడవల మీద వెళ్లిన లెక్కలు నాకు అవసరమయ్యాయి, కరువు పనుల ముప్ఫై పేజీలు అనవసరమయ్యాయి.

ఆమె రాయగల రెండో రకం వాక్యం 'రాత్రి బడి వాచకాల్లోని పాఠాలే ఉద్యమాన్ని పుట్టించాయి' అన్నది. దీన్ని కాదనేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది మొదటిదానికంటే మెరుగే. కానీ తేదీలు చూడమనండి. 'సీతమ్మ కథ' పాఠం దూబగుంటకు ముందుది. 'ఆడవాళ్లు ఏకమైతే' దూబగుంట తర్వాతది, అందులో ఉన్నది దూబగుంట కథే. దూబగుంట ఆడవాళ్లు 1992లో చేసిన పని చూసి రాసిన పాఠం ఆ పనికి కారణం కాలేదు కదా! మిగతా ఊళ్లకు అది పాకడానికి కారణమై ఉండవచ్చు. ఆమె అధ్యాయంలో ఈ రెండు పాఠాలూ 'వాచకాల ప్రభావం' అన్న ఒకే శీర్షిక కింద ఉన్నాయి. మొదలవడానికి కారణం వేరు, పాకడానికి కారణం వేరు. అధ్యాయం దేన్ని వెతుకుతోందో ఆమె తేల్చుకోవాలి. 33వ పేజీ అడుగు ఊరు దీనికీ పనికొస్తుంది. బడి నడవని ఊళ్లో పాఠం ఎవరు చదివారు? చదవకపోతే ఆ కథ అక్కడికి ఎలా చేరింది?

మూడో రకం, పెద్ద వాక్యం. దూబగుంట 1992లో, రాష్ట్రమంతా సారా నిషేధం 1993 అక్టోబరులో, సంపూర్ణ మద్య నిషేధం 1995లో, దాని సడలింపు 1997లో. ఈ వరుస అంత చక్కగా కుదిరి కనిపిస్తుంది కాబట్టి, దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ ఊరి నుంచి సచివాలయం దాకా ఒకే గీత గీయాలని ఎవరికైనా మనసు లాగుతుంది. ఆమె దగ్గర ఉన్నవి పల్లెల్లో ఆడవాళ్ల మాటలు. మంత్రివర్గం ఎందుకు ఆ నిర్ణయం తీసుకుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అక్కడ మాత్రం మీరు నిర్దాక్షిణ్యంగా ఉండండి. ఊరి పొలిమేర దాటనివ్వకండి.

ఒకవేళ ఆమె సరైన చోటికే వచ్చారనుకుందాం. అప్పుడు మీరు వేయాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దీనికి ఉత్తరం చాలదు, ఎదురుగా కూర్చునే అడగాలి. ఆమె తిరిగిన ఊళ్లన్నీ సారా ఆగిన ఊళ్లే. గెలిచిన ఊళ్లలో మాత్రమే వెతికితే, అన్నిచోట్లా కనిపించినదల్లా కారణంలాగే ఉంటుంది. రాత్రి బడి ఏడాదంతా బాగా నడిచినా సారా దుకాణం కదలని ఊరు ఒక్కటైనా ఉండే ఉంటుంది. అలాంటి ఊరు ఒక్కటి చూస్తే ఆమె జవాబు గట్టిపడుతుంది, లేదా విరిగిపోతుంది. 'ఇక సేకరించవద్దు' అన్న మీ ఆజ్ఞను మీరే సడలించాల్సిన చోటు ఇదొక్కటే. ఈసారి ఆమె బస్సెక్కేది ఏదో దొరుకుతుందని కాదు, ఒక నిర్దిష్టమైన ప్రశ్న పట్టుకుని. గడువు దగ్గరపడి వెళ్లడం కుదరకపోతే వాదాన్ని చిన్నది చేయమనండి. 'జిల్లాలో' అనేది 'నేను చూసిన ఆరు ఊళ్లలో' అవుతుంది. పరీక్షకుడు దాన్ని తప్పు పట్టలేడు. జిల్లా అంటే పట్టుకుంటాడు.

వాదం కుదిరాక ఆ యాభై రెండు పేజీలు ఏమవుతాయని మీరు భయపడుతున్నారేమో. అబ్కారీ చరిత్ర తొమ్మిది పేజీలు ఒకటిన్నర అవుతాయి. వాలంటీర్ల శిక్షణ పోతుంది. ఆమెకు కష్టంగా ఉంటుంది, ఆ పేజీల కోసం ఆర్కైవ్స్‌లో ధూళి పీల్చారు. తీసేసినవాటిని వేరే ఫైలులో దాచుకోమనండి. రెండో అధ్యాయానికి కొన్ని పనికొస్తాయి. నా కరువు పనుల పేజీలు మాత్రం ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి, అవి ఎక్కడా పనికి రాలేదు.

చివరగా మీ ఎర్ర సిరా ప్రతి. 52 పేజీల్లో ప్రతి దీర్ఘం, ప్రతి ఒత్తు దిద్దారు. ఓపికకు మెచ్చుకుంటాను. దాన్ని ఇప్పుడు ఆమెకు ఇవ్వకండి. ఉత్తరంతో పాటు అది కూడా చేరితే ఆమె మొదట ఆ ఒత్తులే సరిచేస్తారు, ఎందుకంటే అవి చేయగల పనులు. వారం తర్వాత అక్షరదోషాలు లేని అధ్యాయం మీ బల్ల మీద ఉంటుంది, వాదం ఉండదు. పైగా ఆ దిద్దిన పేజీల్లో సగం ఎటూ పోయేవే. సొరుగులో పెట్టి తాళం వేయండి. ఉత్తరం ఒక్కటే పంపండి. శనివారం సాయంత్రం చేరేలా పంపితే మేలు, ఆదివారం ఆమెకు నోటుబుక్కులు దిద్దే పని ఉండదు.